తెల్లారకముందు పరుగు, చివర్లో మూడు సెకన్ల ఖాళీ: ఒక మోటివేషన్ వీడియోకి ప్రాంప్ట్ రాసిన కథ

ఈ ఎపిసోడ్‌ని మా ఊరు గరివిడి నుంచే రికార్డ్ చేస్తున్నాను. వెనకాల రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి, స్టేషన్ దగ్గరే మా ఇల్లు.

ఈ రోజు టాపిక్ చాలామంది అడిగిందే. తెల్లవారుజామున ఒకడు పరిగెడుతుంటాడు, మధ్యమధ్యలో వేరే షాట్లు వస్తుంటాయి, చివర్లో ఖాళీ ఆకాశం మీద ఒక టైటిల్ పడుతుంది. అలాంటి ఏఐ వీడియోకి ప్రాంప్ట్ ఎలా రాయాలి? నేను ఈ మధ్యే ఒకటి చేశాను. మొదటిసారి ఘోరంగా ఫెయిలయ్యాను. ఎందుకు ఫెయిలయ్యానో, తర్వాత ఏం మార్చానో మొత్తం చెప్తాను.

ఇది ఎవరి కోసం చేశానంటే, మా తమ్ముడి కోసం. అంటే మా పిన్ని కొడుకు. వాడు కానిస్టేబుల్ సెలెక్షన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. మన వైపు ఈవెంట్స్ అంటే ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు. సివిల్ కానిస్టేబుల్ మగపిల్లలైతే 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండ్‌కి రెండు నిమిషాలు. పోయినసారి వీడికి 8 నిమిషాల 9 సెకన్లు పట్టింది. తొమ్మిది సెకన్లతో పోయింది.

అప్పట్నించి రోజూ తెల్లారకముందే లేచి రోడ్డెక్కుతున్నాడు. "అన్నయ్యా, నా ఫోన్లో పెట్టుకోడానికి ఒక వీడియో చెయ్యవా, పొద్దున్న లేవాలనిపించనప్పుడు చూసుకుంటాను" అన్నాడు. సరే, ఎంతసేపు, అయిదు నిమిషాల పని అనుకున్నాను.

మొదటి ప్రాంప్ట్, మొదటి తప్పు

నేను టైప్ చేసింది ఇదిగో, స్క్రీన్ మీద చూడండి.

```
Motivational video of a runner at dawn, cinematic, epic,
with space for text at the end
```

వచ్చిన వీడియో చూస్తే మొదట "వావ్" అనిపించింది. పెద్ద నారింజ రంగు సూర్యుడు, కండలు తిరిగిన మనిషి, స్లో మోషన్‌లో చెమట చుక్కలు. రోడ్డేమో నున్నగా, అటూ ఇటూ పచ్చిక, విదేశాల్లోలా. చివర్లో ఆకాశం మీద ఏవో అక్షరాలు కూడా వచ్చాయి. ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు, పిచ్చి గీతలు.

తమ్ముడికి చూపించాను. వాడు రెండుసార్లు చూసి, "బాగుందన్నయ్యా. కానీ ఇదెవరు?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. నేను టూల్‌కి ఎవరో చెప్పలేదు, ఎక్కడో చెప్పలేదు, ఎన్ని గంటలకో చెప్పలేదు, ఎంత స్పీడో చెప్పలేదు. నేను చెప్పనివన్నీ టూల్ తనకి అలవాటైన వాటితో నింపేసింది. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు క్లయింట్ "ఒక మంచి యాప్ కావాలి" అంటే నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నేను చేసిందీ అదే. "ఎపిక్", "సినిమాటిక్" అనే మాటలు మన ఫీలింగ్‌ని చెప్తాయి గానీ కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పవు.

అందుకని వీడియో పక్కన పెట్టి కాగితం తీశాను. ఈ వీడియోలో చివరికి పడే టైటిల్ ఏంటి? ముందు అది తేల్చుకున్నాను. "నెవర్ గివ్ అప్" లాంటివి వాడికి వద్దట. వాడే చెప్పాడు: "ఇంకా 9 సెకన్లు".

ఆ టైటిల్ తెలిశాక మిగతాదంతా వెనక నుంచి ముందుకి రాసుకుంటూ వచ్చాను. మీకూ నేను చెప్పేది అదే. ఇలాంటి వీడియోని చివరి షాట్ నుంచి మొదలుపెట్టి డిజైన్ చెయ్యండి.

ఖాళీ అనేది దానంతట అది రాదు

చివరి షాట్‌లో ఖాళీ కావాలంటే చాలామంది ప్రాంప్ట్‌లో "టెక్స్ట్ కోసం స్థలం వదులు" అని రాస్తారు. నేనూ రాశాను. అదే పెద్ద తప్పు. "టెక్స్ట్" అనే మాట కనబడగానే టూల్ టెక్స్ట్ గీసెయ్యడానికి చూస్తుంది. అందుకే నాకు పిచ్చి గీతలు వచ్చాయి. మన తెలుగు అక్షరాలు ఏఐ వీడియోలో సరిగ్గా వస్తాయని అస్సలు ఆశ పెట్టుకోకండి. ఒత్తులు, గుణింతాలు కలగాపులగం అయిపోతాయి. టైటిల్ ఎప్పుడైనా ఎడిటింగ్ యాప్‌లో మనమే వెయ్యాలి.

మరి ప్రాంప్ట్‌లో ఏం రాయాలి? టైటిల్ మాటే ఎత్తకుండా, ఆ ఖాళీలో ఏముంటుందో రాయాలి. "ఫ్రేమ్‌లో పై రెండు భాగాలు ఒకే రంగు ఆకాశం, కింది మూడో భాగంలో నేల." అంతే. టూల్ ఆకాశం గీస్తుంది, మనం దాన్ని ఖాళీగా వాడుకుంటాం.

ఇక్కడ టైమ్ ఆఫ్ డే చాలా ముఖ్యం. "డాన్" అని ఒక్క మాట రాస్తే నూటికి తొంభై సార్లు సూర్యుడు బయటికొచ్చేసిన నారింజ ఆకాశం వస్తుంది. అది చూస్తే పొద్దు పొడుస్తుందో, పొద్దు గూకుతుందో కూడా తెలీదు. పైగా ఆ వెలుగు మీద తెల్ల అక్షరాలు వేస్తే కనబడవు, నల్లవి వేస్తే సగం కనబడి సగం పోతాయి.

మన గరివిడిలో జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. మే నెలాఖరుకి అయిదూ ఇరవైకే తెల్లారిపోతుంది. సూర్యోదయానికి పది నిమిషాల ముందు ఒకసారి బయటికొచ్చి తూర్పుకి చూడండి. కింద సన్నగా గులాబీ చార ఉంటుంది. దాని పైనంతా బూడిద కలిసిన నీలం, ఒకే రకంగా పరుచుకుని ఉంటుంది. నీడలు ఉండవు. ఆ నీలం మీద తెల్ల టైటిల్ వేస్తే అద్దంలా కనబడుతుంది. అంటే మనకి కావలసిన ఖాళీని పొద్దే ఇస్తోంది. ప్రాంప్ట్‌లో "సూర్యోదయానికి పది నిమిషాల ముందు, సూర్యుడు ఇంకా కింద ఉన్నాడు" అని రాస్తే చాలు.

రెండోది, కెమెరా కదలకూడదు. ట్రైపాడ్ మీద పెట్టినట్టు ఉండాలి. కెమెరా కదులుతుంటే టైటిల్ ఒకచోట నిలబడి వెనకాల ఆకాశం జారిపోతుంటుంది. చూసేవాడికి ఏదో అతికించినట్టు అనిపిస్తుంది.

మూడోది, ఆ ఖాళీలో ఏవీ దూరకూడదు. పిట్టలు, కరెంటు తీగలు, గట్టి అంచులున్న మబ్బులు. మన ఊళ్ళ రోడ్లంటే టూల్ తీగలు గీసేస్తుంటుంది. తీగ సరిగ్గా టైటిల్ మధ్య నుంచి పోతే అక్షరాన్ని కొట్టేసినట్టు ఉంటుంది. కొన్ని టూల్స్‌లో నెగటివ్ ప్రాంప్ట్ అని వేరే బాక్స్ ఉంటుంది, వద్దన్నవన్నీ అందులో రాయండి. లేకపోతే "తీగలు వద్దు" అనే బదులు "స్పష్టమైన, ఖాళీ ఆకాశం" అని రాయండి. వద్దన్న వస్తువు పేరు చెప్పినా అది వచ్చేసే ప్రమాదం ఉంది.

మనిషి ఎంత చిన్నగా ఉండాలి? ఒక చిన్న లెక్క

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. బీటెక్ చదివినందుకు ఇక్కడ కాస్త పనికొచ్చింది.

వీడియో నిలువుగా ఉంటుంది, ఫోన్ కోసం కాబట్టి. 1080 వెడల్పు, 1920 ఎత్తు. చివరి షాట్‌లో తమ్ముడు ఎడమ నుంచి వచ్చి కుడికి వెళ్ళిపోవాలి. వాడు వెళ్ళాక రోడ్డు ఖాళీ అవ్వాలి, అప్పుడు టైటిల్ రావాలి. వాడు ఫ్రేమ్ దాటడానికి నాలుగు సెకన్లు ఇద్దాం అనుకున్నాను.

1600 మీటర్లని 480 సెకన్లతో భాగిస్తే సెకనుకి 3.3 మీటర్లు. నాలుగు సెకన్లలో 13 మీటర్ల పైనే పోతాడు. అంటే ఫ్రేమ్ వెడల్పులో 13 మీటర్ల రోడ్డు కనబడాలి. నిలువు వీడియోలో ఎత్తు వెడల్పుకి దాదాపు 1.8 రెట్లు, అంటే పాతిక మీటర్లకి కాస్త తక్కువ. అందులో అయిదున్నర అడుగుల మనిషి ఎంత? దాదాపు 140 పిక్సెళ్ళు. మొత్తం ఎత్తులో పద్నాలుగో వంతు.

చూశారా, మనిషి చాలా చిన్నగా ఉంటాడు. మామూలుగా మనం ఏం చేస్తాం, హీరోని పెద్దగా పెట్టేస్తాం. పెద్దగా పెడితే ఒక్క సెకన్లో ఫ్రేమ్ దాటేస్తాడు. లేదా టూల్ వాడిని స్లో మోషన్‌లోకి దించేస్తుంది. చిన్నగా పెడితేనే నిజమైన స్పీడులో నాలుగు సెకన్లు కనబడతాడు, పైన ఆకాశం కూడా మిగుల్తుంది. టూల్ మన పిక్సెల్ లెక్కని పాటించదు గానీ, "చాలా చిన్నగా, చాలా వైడ్ షాట్" అని ధైర్యంగా రాయడానికి ఈ లెక్క పనికొస్తుంది.

అన్నీ కలిపితే చివరి షాట్ ప్రాంప్ట్ ఇలా వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

```
Vertical 9:16, static tripod shot, extreme wide.
Rural two-lane road in coastal Andhra Pradesh, harvested
paddy fields, palmyra trees far away, thin ground mist.
Ten minutes before sunrise, sun below the horizon,
faint pink glow at the right edge, no shadows.
Horizon in the lower third. Upper two thirds: plain
blue-grey sky, clear and even.
A very small runner, maroon T-shirt, black track pants,
enters from left at a steady real-time pace and exits
right by second 4. After that the road stays empty.
```

ఇందులో "మోటివేషన్" అనే మాట ఎక్కడా లేదు, గమనించండి. తాటిచెట్లు, కోత అయిపోయిన మడి, నేల మీద పల్చటి మంచు. ఇవి రాశాకే రోడ్డు మన రోడ్డులా వచ్చింది.

మధ్యలో వచ్చే షాట్లు: ఏవి జనరేట్ చెయ్యాలి, ఏవి ఫోన్లో తియ్యాలి

ఇప్పుడు ఇంటర్‌కట్ సంగతి. పరుగు ఒక్కటే చూపిస్తే పది సెకన్లకి బోర్ కొడుతుంది. మధ్యలో వేరే షాట్ వేస్తే ఈ పరుగు వెనకాల ఇంకేదో ఉందని తెలుస్తుంది. కానీ ఆ "ఇంకేదో" ఏంటో మనకి తెలియాలి. సింహం, కొండ శిఖరం, అలారం గడియారం, ఇవన్నీ అందరూ వేసేవే.

నేను మూడే తీసుకున్నాను. లేసులు కట్టుకునే చేతులు. పిన్ని గ్లాసులో చోడంబలి పొయ్యడం. నేల మీద పడే అడుగులు. ఇవి వాడి రోజులో నిజంగా ఉన్నవి.

ముందు ఇవి కూడా జనరేట్ చేసి చూశాను. లేసులు కడుతుంటే వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ముడి దానంతట అదే పడిపోయింది. అంబలి అడిగితే ఏదో పాలలాంటిది గాజు కప్పులో వచ్చింది. వేళ్ళు, ముడులు, పోసే ద్రవాలు, రాతలు, గడియారంలో అంకెలు, వీటిలో ఏఐ ఎక్కువగా తడబడుతుంది. కానీ ఇవే మన ఫోన్‌తో తియ్యడానికి చాలా ఈజీ. ఫోన్‌తో కష్టమైనది మసక వెలుతురులో పరిగెత్తే మనిషి పక్కనే వణకకుండా కెమెరా పోవడం. అది ఏఐకి వదిలెయ్యండి. చేతిపని మనం చేసుకుందాం.

అలా మూడు షాట్లు ఫోన్లో తీశాను. పిన్ని అయితే, "ఏటి నాన్నా, గ్లాసుకి కూడా వీడియో తీత్తన్నావా?" అని ఒకటే నవ్వు. ఇంట్లో షాట్లు తెల్లారకముందు బల్బు వెలుగులో తీశాను. ఫోన్ స్క్రీన్ మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది, లేకపోతే షాట్ మధ్యలో వెలుగు పెరిగి తగ్గి చిరాకు పెడుతుంది. బల్బు పసుపుని సరిచెయ్యలేదు, అలాగే వదిలేశాను. దాంతో ఇల్లు పసుపు, రోడ్డు నీలం అయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే, వెచ్చటి ఇంట్లోంచి చలి రోడ్డు మీదకి వచ్చినట్టు ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. అడుగుల షాట్‌కి ఫోన్‌ని రోడ్డు పక్కన ఇటుకకి ఆనించి, వాడిని పక్కనుంచి పరిగెత్తమన్నాను. బండి వెనక కూర్చుని తియ్యడం లాంటివి చెయ్యకండి, చీకట్లో ప్రమాదం.

ఏఐ షాట్లు నాలుగు. వెనక నుంచి వైడ్, పక్క నుంచి పరుగు, పక్క నుంచే కాస్త దగ్గరగా, చివరి ఖాళీ షాట్. ఈ నాలుగింట్లో ముఖం కనబడేది ఒక్కటీ లేదు. కావాలనే అలా పెట్టాను. షాట్ షాట్‌కీ ముఖం మారిపోవడం ఈ టూల్స్‌లో చాలా ఎక్కువగా కనబడే లోపం. వెనక నుంచి, పక్క నుంచి మసక వెలుతురులో తీస్తే ఆ గొడవే లేదు. తమ్ముడి ఫోటో అప్‌లోడ్ చెయ్యాల్సిన అవసరం కూడా రాలేదు. బట్టల వర్ణన మాత్రం నాలుగు ప్రాంప్టుల్లోనూ అక్షరం మార్చకుండా కాపీ చేశాను. ఒకదాంట్లో మెరూన్, ఇంకోదాంట్లో రెడ్ అని రాస్తే ఇద్దరు మనుషులైపోతారు. ఫోన్ షాట్లలో తమ్ముడు కూడా అదే మెరూన్ టీషర్ట్, అదే ట్రాక్ వేసుకున్నాడు.

ఇంకొక్కటి, దిక్కు. వాడు తూర్పుకి పరిగెడుతున్నాడు. కెమెరా ఉత్తరానికి చూస్తోంది అనుకుంటే వాడు ఎడమ నుంచి కుడికి పోతాడు, గులాబీ వెలుగు కుడి అంచున ఉంటుంది. పక్క నుంచి చూపించే ప్రతి షాట్‌లోనూ ఇదే ఉండాలి. ఒక షాట్‌లో కుడి నుంచి ఎడమకి వస్తే, మనోడు సగం దారిలో ఇంటికి తిరిగొచ్చేస్తున్నట్టు ఉంటుంది. నాకు మూడో షాట్ అలాగే వచ్చింది, మళ్ళీ జనరేట్ చేశాను.

కట్ ఎక్కడ పడాలి? అడుగులే చెప్తాయి

ఫోన్లో వాడి పరుగు తీసి అడుగులు లెక్కపెట్టాను. ముప్పై సెకన్లలో 85. అంటే నిమిషానికి 170. అందుకని నిమిషానికి 85 బీట్లున్న మ్యూజిక్ తీసుకున్నాను. ఒక్కో బీట్‌కి సరిగ్గా రెండు అడుగులు పడతాయి. ఒక బీట్ అంటే 0.7 సెకన్లు.

తర్వాత షాట్ల నిడివి సెకన్లలో కాకుండా బీట్లలో రాసుకున్నాను. వెనక నుంచి పరుగు 4 బీట్లు. లేసులు 2. పక్క నుంచి పరుగు 4. అంబలి 2. అడుగులు 2. దగ్గర పరుగు 4. చివరి షాట్ 10. మొత్తం 28 బీట్లు, దాదాపు 20 సెకన్లు. నేను చేసినప్పుడు వియో 3 లాంటి టూల్‌లో ఒక క్లిప్ 8 సెకన్లు వచ్చేది, క్లింగ్‌లో 5 లేదా 10. చివరి షాట్ నాకు 7 సెకన్లు చాలు కాబట్టి సరిపోయింది. అందులో మనిషికి నాలుగు, ఖాళీకి మూడు.

ఈ 170 అనే అంకె ఇంకో పనికి కూడా వచ్చింది. జనరేట్ అయిన క్లిప్ సరైనదా కాదా చూడటానికి. 8 సెకన్లలో 22, 23 అడుగులు పడాలి. పన్నెండే పడితే అది స్లో మోషన్. మీరు అడక్కపోయినా ఈ టూల్స్ స్లో మోషన్ ఇచ్చేస్తుంటాయి. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, 8 నిమిషాల్లో రావాల్సిన వాడికి స్లో మోషన్ ఏం చేసుకోను చెప్పండి?

క్లిప్‌ని పావు స్పీడులో పెట్టి మూడు చూడండి. ఒకటి, ఎడమ కాలు తర్వాత మళ్ళీ ఎడమ కాలే పడుతోందా? రెండు, కుడి కాలు ముందుకొస్తే ఎడమ చెయ్యి ముందుకి రావాలి, అలా వస్తోందా? మూడు, పాదం నేలని తాకాక అక్కడే ఆగుతోందా, ఐస్ మీద జారినట్టు జారుతోందా? నాకు ఒక షాట్ మంచిది రావడానికి అయిదారు సార్లు జనరేట్ చెయ్యాల్సి వచ్చింది. క్రెడిట్లు లిమిటెడ్‌గా ఉంటే ముందు తక్కువ క్వాలిటీలో ట్రై చేసి, కదలిక బాగున్నాకే ఎక్కువ క్వాలిటీకి వెళ్ళండి.

టైటిల్ వెయ్యడం

ఇప్పుడు ఆ మూడు సెకన్ల ఖాళీ. షార్ట్స్‌లో గానీ రీల్స్‌లో గానీ కింద పేరు, క్యాప్షన్ వస్తాయి, కుడివైపు లైక్, షేర్ బటన్లు ఉంటాయి. అందుకని కింది అయిదో వంతులో, కుడి అంచులో టైటిల్ పెట్టకండి. పై అంచుకి కూడా మరీ అతికించకండి. 1920 ఎత్తులో పై నుంచి 350కి, 850కి మధ్య పెడితే హాయిగా ఉంటుంది. కిందున్న రోడ్డుకి, అక్షరాలకి మధ్య గాలి ఆడుతుంది.

ఫాంట్ సంగతి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో రెండు పేర్లు మన వైపువే, గిడుగు, గురజాడ. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు ఒకటి, విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు గారి పేరు ఒకటి. చిన్న స్క్రీన్ మీద దూరానికి కనబడాలంటే రామభద్ర లాంటి లావు ఫాంట్ బాగుంటుంది. ఏది వాడినా "సెకన్లు" అని టైప్ చేసి చూడండి. న కింద ల ఒత్తు సరిగ్గా కూర్చోవాలి. న్ విడిగా, లు విడిగా కనబడితే ఆ యాప్‌కి మన లిపిని కలపడం రావట్లేదని అర్థం, యాప్ మార్చండి. రెండు లైన్లు ఉంటే లైన్ల మధ్య దూరం పెంచండి, లేకపోతే పై లైన్ ఒత్తులు కింది లైన్ తలకట్లకి తగులుతాయి.

మూడు సెకన్లలో చదవగలరా లేదా ఎలా తెలుస్తుంది? టైటిల్‌ని పైకి, నిదానంగా రెండుసార్లు చదవండి. మూడు సెకన్లలో రెండుసార్లు పూర్తయితే సరిపోతుంది. "ఇంకా 9 సెకన్లు" సరిపోయింది. టైటిల్ వచ్చేటప్పుడు మ్యూజిక్ ఆపేసి, వాడి ఊపిరి శబ్దం ఒక్కటే ఉంచాను. అది కూడా ఫోన్లో రికార్డ్ చేసిందే.

యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళకి ఒక మాట. నిజంగా జరిగినట్టు కనబడే ఏఐ సీన్ ఉంటే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ విషయం చెప్పమని యూట్యూబ్ అడుగుతుంది. అక్కడ అవునని పెట్టండి. సగం షాట్లు ఫోన్లో తీసినవైనా సరే. ఆ రోడ్డు మీద ఆ పరుగు జరగలేదు కదా.

మళ్ళీ చూపించినప్పుడు

వీడియో పూర్తయ్యాక తమ్ముడికి పంపాను. ఈసారి "ఎవరు" అని అడగలేదు. "అన్నయ్యా, ఆ చివర్లో ఎన్ని మీటర్లు పోతున్నాను?" అని అడిగాడు. నాలుగు సెకన్లు కాబట్టి 13 మీటర్లు అన్నాను. వాడు కాసేపు ఆగి, "అయితే 9 సెకన్లంటే 30 మీటర్లన్నమాట" అన్నాడు.

అవును, 30 మీటర్లు. మన స్టేషన్‌లో ఆగే రైలు పెట్టె ఒకటిన్నరకి కాస్త తక్కువ. 1600 మీటర్లలో వాడు వెనకబడింది అంతే. మర్నాడు ప్లాట్‌ఫామ్ మీదకెళ్ళి ఆగి ఉన్న బండి పక్కన ఆ దూరం నడిచి చూసుకొచ్చాడు. నాకైతే ఆ ఆలోచనే రాలేదు.

తర్వాత ఇంకోటి అడిగాడు. టైటిల్ లేని ఫైల్ కూడా నా దగ్గర ఉందా అని. ఉంది. మీరు కూడా ఎప్పుడూ రెండు ఎక్స్‌పోర్ట్ చెయ్యండి, టైటిల్‌తో ఒకటి, లేకుండా ఒకటి. ఎందుకురా అంటే, "వచ్చే నెల టైమ్ చూసుకున్నాక అంకె మార్చాలి కదా" అన్నాడు.

నిన్ననే మార్చాం. ఇప్పుడు వాడి ఫోన్లో ఉన్న వీడియో చివర్లో "ఇంకా 4 సెకన్లు" అని ఉంది. ఆకాశం అదే, రోడ్డు అదే, మూడు సెకన్ల ఖాళీ అదే.

మీరు చేసిన చివరి షాట్, టైటిల్ లేకుండా, నాకు పంపండి. ఖాళీ నిజంగా ఖాళీగా ఉందో లేదో నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, బై.